బరంపురం వలయాల ఊరా, ముక్కల ఊరా? ఫీల్డ్ వర్క్‌లో ఇరుక్కుపోయాను

శ్రీలత, బరంపురం

అందరికీ నమస్కారం. ఎమ్మే జాగ్రఫీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నగరాలు ఎలా పెరుగుతాయో చెప్పే నమూనాలు మూడు: నడుమ చుట్టూ వలయాలు, నడుమ నుంచి బద్దల్లా సాగే సెక్టార్లు, ఒకటికి మించి కేంద్రాలుండే బహుకేంద్రకం. వీటిలో మన బరంపురానికి ఏది సరిపోతుందో చూపించాలి, అదీ నా ప్రాజెక్టు. పెద్ద బజారులో బుడి ఠాకురాణి గుడి దగ్గర కాంపస్ ముల్లు గుచ్చి 1, 2, 3 కిలోమీటర్లకు మూడు వలయాలు గీసి, రంగులు వేసి తీసుకెళ్లాను. మా గైడ్ గారు రెండు నిమిషాలు చూసి, "ఇందులో నాకు కాంపస్ కనబడుతోంది గానీ ఊరు కనబడడం లేదమ్మా" అని తిరిగి ఇచ్చేశారు.

ఆయన అన్నది నిజమే. మొదటి వలయంలోనే హోల్‌సేల్ కొట్లు, వాటి మీద వ్యాపారుల పాత మేడలు, ఆ వెనకే పట్టు నేతవాళ్ల వీధులు కలిసి ఉన్నాయి. మూడో వలయంలో ఒక వైపు కొత్త అపార్ట్‌మెంట్లు, ఇంకో వైపు రేకుల షెడ్లు. ఒక వలయానికి ఒకే రంగు ఎలా వేయను? అలాగని సెక్టార్ నమూనా అనేద్దామంటే దానికి ఏ ఆధారం చూపాలో తెలియడం లేదు. మూడు వారాలే టైముంది, చాలా టెన్షన్‌గా ఉంది.

రమణ, రాయగడ

దీనికి అంత ఆలోచన ఎందుకండీ, ఇది బహుకేంద్రక నమూనా. 1945లో హారిస్, ఉల్మన్ అనే భూగోళ శాస్త్రవేత్తలు చెప్పింది అచ్చంగా ఇదే. బరంపురంలో బజారు ఒక కేంద్రం, మెడికల్ కాలేజీ ఒకటి, స్టేషన్ ఒకటి, భంజ బిహార్‌లో యూనివర్సిటీ ఇంకొకటి. మా రాయగడ కూడా అంతే. ఊరు ఒక చోట, జేకేపూర్‌లో కాగితం మిల్లు, దాని కాలనీ ఇంకో చోట. ఈ కాలంలో ఏ ఊరు చూసినా బహుకేంద్రకమే. బర్జెస్ అనే సామాజిక శాస్త్రవేత్త చెప్పిన వలయాలు 1925 నాటి చికాగోకి తప్ప ఇంకెక్కడా పనికిరావు. మ్యాపు మీద నాలుగు చుక్కలు పెట్టి ఇచ్చేయండి.

పాత నక్షా (రిటైర్డ్, టౌన్ ప్లానింగ్)

రమణ గారూ, మీ మాటలో సగం నిజముంది. మిగతా సగమే పిల్లని ఇబ్బంది పెడుతుంది. ఊళ్లో పెద్ద సంస్థలు నాలుగు ఉన్నంత మాత్రాన నాలుగు కేంద్రాలు కావు. చుట్టుపక్కల నేల వాడకాన్ని తన చుట్టూ తిప్పుకుంటేనే అది కేంద్రం. హారిస్, ఉల్మన్ ఇచ్చిన ఉదాహరణే చూడండి. చికాగోలో భారీ పరిశ్రమలు మొదట నది ఒడ్డున ఊరి నడుమ ఉండేవి. తరవాత ఊరికి దక్షిణాన ఉన్న కాల్యుమెట్ ప్రాంతం వైపు వెళ్లిపోయాయి. అక్కడ వాటి చుట్టూ కొత్త ఊరే లేచింది. అందుకని దాన్ని కేంద్రం అన్నారు.

దీన్ని ఎలా పట్టుకోవాలంటే, ఆ సంస్థకు రెండు కిలోమీటర్ల ముందు నుంచి నడుచుకుంటూ వెళ్లండి. దగ్గరకొచ్చే కొద్దీ అద్దెలు, కొట్లు పెరగాలి. దాటాక మళ్లీ తగ్గాలి. పెరగకుండా గోడ దగ్గరే ఆగిపోతే అది ఒక పెద్ద ఆవరణ, అంతే. మీ జేకేపూర్ కాలనీ విషయంలో ఇంకో చిక్కుంది. అక్కడి క్వార్టర్లు కంపెనీ కట్టి ఉద్యోగులకు ఇచ్చినవి. ఈ మూడు నమూనాల వెనకా ఉన్నది నేల కోసం పోటీ. ఎవరు ఎక్కువ అద్దె ఇవ్వగలిగితే వాళ్లకు ఆ చోటు దక్కుతుంది. క్వార్టర్ ఎవరికి రావాలో కంపెనీ తేలుస్తుంది కాబట్టి కాలనీ లోపల అద్దెలు కొలిచి లాభం లేదు. గేటు బయట ఏం పెరిగిందో చూడాలి.

శ్రీలతమ్మా, నువ్వు అడుగుతున్న ప్రశ్ననే కాస్త మార్చు. "ఏ నమూనా?" అని కాకుండా "ఏది దేన్నిబట్టి మారుతోంది?" అని అడుగు. బర్జెస్ మాట నిజమైతే నడుమ నుంచి ఒకే దూరంలో ఉన్న చోట్లన్నీ, ఏ దిక్కున ఉన్నా, ఒకలాగే ఉండాలి. 1939లో హోయిట్ సెక్టార్ల గురించి చెప్పింది నిజమైతే ఒకే దిక్కున ఉన్నవి, దగ్గరైనా దూరమైనా, ఒకలాగే ఉండాలి. కాబట్టి ఒక పట్టిక గియ్యి. అడ్డ వరసల్లో దూరాలు, నిలువు వరసల్లో దారులు. నాలుగు దారులు, మూడు దూరాలు, మొత్తం పన్నెండు గళ్లు. ఒక్కో చోట రెండు గదుల పోర్షన్ అద్దె రాసుకో. టూలెట్ బోర్డు ఉన్న ఇళ్లు కనీసం మూడు అడిగి మధ్యలోది తీసుకో. ఒక చోట మేడ మీద పోర్షన్, ఇంకో చోట రేకుల ఇల్లు పోల్చావంటే అంతా పాడైపోతుంది. పాత అద్దెదారు ఇరవై ఏళ్ల కిందటి అద్దె ఇస్తున్న ఇల్లు కూడా లెక్కలోకి తీసుకోకు.

ఇంకొకటి, ముల్లు గుడి దగ్గర గుచ్చావు. గుడి ఊరికి నడిబొడ్డే కావచ్చు. కానీ ఈ నమూనాల్లో నడుమ అంటే కొట్టు అద్దె అన్నిటికంటే ఎక్కువ ఉన్న చోటు. ముందు అదెక్కడో కనుక్కో.

సూర్యనారాయణ, ఛత్రపూర్

చర్చ బాగుంది. నేను రిటైరై రెండేళ్లయింది. బరంపురంలో ఒక ప్లాటు కొందామని చూస్తున్నాను. గోపాల్‌పూర్ వైపు కొనమంటారా, అస్కా రోడ్డు వైపా? ఈ సెక్టార్ లెక్క ప్రకారం ఏ వైపు రేటు పెరుగుతుందో మాస్టారు ఒక్క మాట చెబితే చాలు.

పాత నక్షా (రిటైర్డ్, టౌన్ ప్లానింగ్)

సూర్యనారాయణ గారూ, శ్రీలతమ్మ అడిగింది వేరు. అయినా మీ ప్రశ్న హోయిట్‌కి బాగా దగ్గరది. ఆయన భూముల విలువలు లెక్కగట్టే ఆర్థికవేత్త. అమెరికాలో ఇళ్ల అప్పులకు ప్రభుత్వ బీమా ఇచ్చే సంస్థలో పనిచేస్తూ 142 నగరాల్లో వీధివీధికీ అద్దెలు మ్యాపుల మీద వేయించాడు. ఎక్కువ అద్దె ఇళ్లు ఊరి చుట్టూ వలయంలా లేవు, కోసిన బొప్పాయి బద్దలా నడుమ నుంచి ఒకటి రెండు దిక్కులకే సాగి ఉన్నాయి. ఆ బద్ద ఎటు సాగుతుందో కూడా గమనించాడు. త్వరగా వెళ్లగలిగే రోడ్డు వెంట, వరద రాని మెరక వైపు, ఊరి పెద్దలు ఇళ్లు కట్టుకున్న వైపు, ముందు నది గానీ కొండ గానీ అడ్డం లేకుండా ఖాళీ నేల ఉన్న వైపు.

ఏ వైపు కొనాలో మాత్రం నేను చెప్పను. హోయిట్ అప్పటిదాకా జరిగింది రాశాడు, జరగబోయేదానికి హామీ ఇవ్వలేదు. కార్లు, హైవేలు వచ్చాక పాత నమూనాలు ఎలా వంకర పోయాయో 1964లో తనే మళ్లీ రాశాడు. మీరు చేయాల్సింది ఒకటుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది కదా. మీరు చూసే ప్లాటు పక్క ఇంటివాళ్లను అప్పుడు నీళ్లు ఎంతవరకు నిలిచాయో అడగండి. గోడ మీద మరక ఇంకా ఉంటే చూపిస్తారు.

పద్మావతి, నేత వీధి

నేనెప్పుడూ ఇక్కడ రాయను, ఇవాళ రాయాలనిపించింది. మా అబ్బాయి పుస్తకంలో బర్జెస్ రెండో వలయం గురించి చదివాను. బజారును ఆనుకుని ఉండే ప్రాంతం, పాడుబడిన ఇళ్లు, వలస వచ్చిన పేదలు, బాగైతే వెళ్లిపోతారు అని ఉంది. శ్రీలతా, నువ్వు మా వీధికి ఆ రంగే వేసి ఉంటావు.

మా ఇల్లు చెబుతాను. వీధి వైపు తొమ్మిదడుగులే వెడల్పు, లోపలికి డెబ్బై అడుగులు పోతుంది. ముందు గదిలో గుంట మగ్గం. మా మామగారు గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే వీధిలో పోయేవాళ్లతో కళ్లు కలుస్తాయి. మగ్గం వెనక గదిలో పడకలు, ఆ వెనక వంట, చివర పెరట్లో రంగులు వేసే చోటు. పని ఎక్కడో, ఇల్లు ఎక్కడో అని మాకు లేదు. మేం బాగుపడగానే వదిలేసి పోయే అద్దె ఇల్లు కాదిది. నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్నాం. ఇల్లు పాతదే, పాడుబడింది మాత్రం కాదు. ప్రతి జాతరకీ ముందు సున్నం పడాల్సిందే.

శ్రీలత, బరంపురం

పద్మక్కా, క్షమించండి. నిజంగానే ఆ రంగే వేశాను. మ్యాపులో మీ వీధి బజారుకు ఆనుకుని ఉందని వేశాను తప్ప లోపలికి రాలేదు.

పాత నక్షా (రిటైర్డ్, టౌన్ ప్లానింగ్)

పద్మావతి గారు రాసింది చాలా విలువైనది. బర్జెస్ రెండో వలయం దూరం వల్లనే పాడవదు. దానికొక కారణం ఉంది. బజారు ఇవాళో రేపో తన స్థలం మీదికి వస్తుందని ఇంటి ఓనరు కాచుకుని ఉంటాడు. తనుండేది వేరే చోట. రేపు కూల్చే ఇంటికి ఇవాళ మరమ్మతు ఎందుకని వదిలేస్తాడు. గదులు చిన్న చిన్న ముక్కలు చేసి అద్దెకిస్తాడు. కొత్తగా ఊళ్లోకి వచ్చినవాళ్లు అక్కడ దిగుతారు. ఓనరే ఆ ఇంట్లో ఉంటూ ఆ ఇంట్లోనే పనిచేస్తుంటే ఈ కథ మొదలే కాదు. అంటే శ్రీలతమ్మా, ఆ వీధిలో నువ్వు అడగాల్సింది అద్దె కాదు. ఎన్ని ఇళ్లలో ఓనర్లు ఉంటున్నారు, ఆఖరిసారి మరమ్మతు ఎప్పుడు చేశారు? ఈ రెండూ అడిగితే అది బర్జెస్ చెప్పిన వలయమో కాదో తేలిపోతుంది.

వ్యాపారుల మేడల సంగతీ ఇలాంటిదే. చికాగోలో డబ్బున్నవాళ్లు ట్రాము, కారు రాగానే ఊరి అంచుకి పోయారు. పాత ఊళ్లలో పెద్దవాళ్లు నడుమన, పేదవాళ్లు అంచున ఉండేవారని, పరిశ్రమలు రాకముందు చాలా దేశాల్లో ఇదే తీరని 1960లో షోబెర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త రాశాడు. మన పెద్ద బజారులో ఆ పాత ఊరు కొత్త ఊరి కింద ఇంకా కనబడుతుంది.

పద్మావతి, నేత వీధి

మాస్టారూ, మీరు మరమ్మతు అన్నారు కాబట్టి ఒకటి దాచకుండా చెబుతాను. మా ఎడమ పక్క ఇల్లు ఇప్పుడు గోడౌను. వాళ్లు మగ్గం తీసేసి పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు, బజారులో కొట్టున్న ఆయనకి అద్దెకిచ్చారు. లోపలికి వెళ్తే ముందు గది గచ్చు మీద ఒక నలుచదరం వేరే రంగులో కనబడుతుంది. గుంటని పూడ్చి సిమెంటు పోసిన చోటది. అలాంటి నలుచదరాలు మా వరసలో ఇప్పుడు మూడు ఉన్నాయి. నా చిన్నప్పుడు ఒక్కటీ లేదు. ఆ ఇళ్లకి సున్నం పడటం లేదు.

సాయి, చంద్రపూర్

మహారాష్ట్ర నుంచి రాస్తున్నాను. మా ఊరికి గోండు రాజుల నాటి కోటగోడ ఉంది. ఊరి చుట్టూ తిరిగి ఉంటుంది కాబట్టి మాది అచ్చమైన వలయాల నమూనా. గోడ లోపల బజారు, బయట కాలనీలు, ఇంకా బయట బొగ్గు గనులు, థర్మల్ స్టేషన్. బర్జెస్ మా ఊరు చూసే రాశాడా అనిపిస్తుంది.

పాత నక్షా (రిటైర్డ్, టౌన్ ప్లానింగ్)

సాయి గారూ, బర్జెస్ వలయం కదిలే వలయం. లోపలి వలయం పెరిగి బయటిదాని మీద పడుతుంది, అది దాని బయటిదాన్ని తోస్తుంది. ఆ తోపుడే ఆయన సిద్ధాంతం, గుండ్రటి ఆకారం దాని ఫలితం మాత్రమే. కోటగోడ తోపుడిని ఆపుతుంది. గనులు కూడా ఊరి నుంచి తోసుకొచ్చి అంచున పడలేదు, బొగ్గు ఎక్కడుంటే అక్కడ తవ్వారు. గోడలో దారి గేట్ల దగ్గరే కదా? బయట ఊరు గోడ చుట్టూ సమానంగా పెరిగిందా, ఏదో ఒక గేటు ముందు ఎక్కువ పెరిగిందా చూడండి.

సాయి, చంద్రపూర్

మీరు అడిగాక ఆలోచిస్తే జట్‌పురా గేటు దాటి నాగపూర్ రోడ్డు వైపే బాగా పెరిగింది. ఇరాయి నది వైపు అంత లేదు. అయినా గోడ లోపల మాత్రం వలయమే అంటాను.

శ్రీలత, బరంపురం

పదకొండు రోజులు తిరిగి వచ్చాను. ముందు నడుమ ఎక్కడో చూశాను. కొట్టు అద్దెలు అన్నిటికంటే ఎక్కువ ఉన్న చోటు గుడి దగ్గర కాదు, కొంచెం ఇవతల మెయిన్ రోడ్డు మీద ఉంది. అక్కడి నుంచి మళ్లీ కొలిచాను. ఇళ్లవాళ్లు నమ్మి చెప్పిన అద్దెలు కాబట్టి రోడ్ల పేర్లు రాయడం లేదు. రెండు గదుల పోర్షన్‌కి నెలకి ఎన్ని రూపాయలో వరసగా 1, 2, 3 కిలోమీటర్ల దగ్గర ఇలా వచ్చింది:

ఒకటో దారి: 6000, 6500, 7000
రెండో దారి (రైలు పట్టాల అవతల): 4000, 3500, 3500
మూడో దారి: 5000, 4500, 4000
నాలుగో దారి: 5000, 5500, 4500

దూరాలవారీగా సగటు తీస్తే 1 కిలోమీటరు దగ్గర 5000, 2 దగ్గర 5000, 3 దగ్గర 4750. అంటే దూరాన్నిబట్టి దాదాపు ఏమీ మారడం లేదు. దారులవారీగా తీస్తే ఒకటో దారి 6500, రెండో దారి 3700 లోపు. తేడా అంతా దిక్కులోనే ఉంది. ఇది చూసి రాత్రి నిద్ర పట్టలేదు, అంత సంతోషం వేసింది.

కానీ ఇంటింటా ఇంకోటి కూడా అడిగాను, ఇంట్లో ఎవరెవరు ఉంటారని. అది వేరేలా వచ్చింది. 1 కిలోమీటరు దగ్గర ఏ దారిలో చూసినా తాతలు, కొడుకులు, మనవలు ఒకే ఇంట్లో, లేకపోతే ముసలివాళ్లు ఇద్దరే. 3 కిలోమీటర్ల దగ్గర నాలుగు దారుల్లోనూ చిన్న పిల్లలున్న జంటలే. ఖరీదైన దారిలోనూ అంతే, చవక దారిలోనూ అంతే. ఇది వలయం కదా మాస్టారూ? మరి తెలుగు మాట్లాడే ఇళ్లు వలయమూ కాదు, బద్దా కాదు, అక్కడక్కడా గుంపులు గుంపులుగా ఉన్నాయి. నా పని తప్పయిందా?

పాత నక్షా (రిటైర్డ్, టౌన్ ప్లానింగ్)

తప్పు కాదమ్మా. 1969లో మర్డీ అనే ఆయన టొరాంటో నగరాన్ని జనాభా లెక్కలతో ఇలాగే విడదీశాడు. ఆర్థిక స్థితి బద్దలుగా, కుటుంబం తీరు వలయాలుగా, జాతి సమూహాలు గుంపులుగా వచ్చాయి. అవి ఒకదాని మీద ఒకటి పరిచిన పల్చటి కాగితాల్లాంటివి. మ్యాపు ఒకటే గీస్తే మూడూ కలిసిపోయి నీకు మొదట కనబడిన గందరగోళమే కనబడుతుంది. నువ్వు మూడు మ్యాపులు ఇవ్వు.

అయితే మీ గైడ్ గారు పట్టుకునే లోపం ఒకటుంది, ముందే చెబుతున్నాను. నీ పన్నెండు చోట్లూ పెద్ద రోడ్ల మీదే ఉన్నాయి. రోడ్డు వెంట కొలిస్తే ఏ ఊరైనా కొంత సెక్టార్‌లాగే కనబడుతుంది. రెండు రోడ్ల నడుమ, ఏ రోడ్డుకీ అర కిలోమీటరు లోపల లేని చోట్లు ఇంకో ఆరు తీసుకో. ఒకటో దారి ఖరీదు రోడ్డు దాటి పక్కకి కూడా పాకి ఉంటే అది సెక్టారు. రోడ్డు మీద తప్ప లేకపోతే అది రోడ్డు విలువ, అంతే.

రమణ, రాయగడ

నాలుగో దారిలో 2 కిలోమీటర్ల దగ్గర 5500కి ఎక్కి, మళ్లీ 4500కి దిగింది చూశారా? మీరు చెప్పిన పరీక్షే కదా మాస్టారూ. అక్కడ ఏముంది శ్రీలత గారూ?

శ్రీలత, బరంపురం

ఒక పెద్ద ఆసుపత్రి ఉందండీ. ఎదురుగా మందుల షాపులు, ల్యాబులు, రోగుల వెంట వచ్చినవాళ్లకి లాడ్జీలు. పోర్షన్లలో నర్సులు, ల్యాబు కుర్రాళ్లు ఎక్కువగా ఉంటున్నారు.

పాత నక్షా (రిటైర్డ్, టౌన్ ప్లానింగ్)

రమణ గారి అనుమానం సబబే. ఒకదాన్ని ఒకటి ఆసరా చేసుకునే పనులు ఒక చోట చేరతాయన్నది హారిస్, ఉల్మన్ చెప్పిన కారణాల్లో ఒకటి, ఆసుపత్రి ముందు మందుల షాపు అదే. కానీ ఒక్క గడిలో 500 రూపాయల ఎత్తుతో కేంద్రం అని నేను సంతకం పెట్టను. ఆసుపత్రికి అటూ ఇటూ పావు కిలోమీటరుకొకటి చొప్పున అద్దెలు తీస్తే తెలుస్తుంది.

రమణ, రాయగడ

నేను మాత్రం పెడతాను. లాడ్జీలు వచ్చాయంటే అది కేంద్రమే.

సూర్యనారాయణ, ఛత్రపూర్

ఒకటో దారి ఏ రోడ్డో నాకు మెసేజ్‌లో అయినా చెబుతావా అమ్మా?

శ్రీలత, బరంపురం

క్షమించండి బాబాయి గారూ, ఆ ఇళ్లవాళ్లకి మాటిచ్చాను.

పద్మక్కా, ఆదివారం ఉదయం మీ వీధికి రావచ్చా? ఓనర్లున్న ఇళ్లు, గోడౌన్లు, సిమెంటు నలుచదరాలు ఇంటింటికీ రాసుకుంటాను. పాత రంగు చెరిపేశాను, ఆ చోటు మ్యాపులో ఇంకా తెల్లగానే ఉంది.

పద్మావతి, నేత వీధి

ఏడింటికల్లా వచ్చెయ్యి. ఎనిమిదికి మామగారు మగ్గం ఎక్కుతారు, ఆ తరవాత మాట్లాడరు. మూడిళ్లు అన్నాను కానీ నిన్న కుడి వైపు చివరి ఇంటి ముందు ఇసుక దించారు. అది మరమ్మతుకో, గుంట పూడ్చడానికో తెలియదు. వచ్చాక కలిసి అడుగుదాం.